క్రికెట్ మ్యాచ్ హైలైట్స్ కత్తిరించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మూడు గంటల ఇరవై ఓవర్ల మ్యాచ్‌ను పది నిమిషాలకు కుదించాలని కూర్చున్నవారికి ఇంచుమించు ఒకే రకమైన సందేహాలు వస్తుంటాయి. వాటిని పని జరిగే క్రమంలో ఇక్కడ ఒకచోట చేర్చాను. బౌండరీ అవతల, పిచ్‌కు తిన్నగా స్టాండు మీద నిలబెట్టిన ఒకే కెమెరాతో తీసిన క్రికెట్ మ్యాచ్‌ను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. ఫుట్‌బాల్‌కు ఎక్కడ తేడా వస్తుందో దానికి వేరే ప్రశ్న ఉంది. ఏ ప్రశ్న దగ్గరకైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు

మూడు గంటల వీడియో మొత్తం కూర్చుని చూడాల్సిందేనా?

అక్కర్లేదు. ఇరవై ఓవర్ల మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్‌కూ కలిపి లెక్కలోకి వచ్చే బంతులు 240. బౌలర్ పరుగు అందుకున్నప్పటి నుంచి బంతి కీపర్ చేతికో బౌలర్ చేతికో తిరిగి చేరేదాకా సగటున ఎనిమిది సెకన్లు వేసుకున్నా అసలు ఆట అరగంటకు కాస్త పైన మాత్రమే. మిగిలినదంతా బౌలర్ వెనక్కి నడవడం, ఫీల్డర్లు చోటు మారడం, నీళ్లు తాగడం.

అందుకని ముందు స్కోరు పుస్తకం ఫొటో తీసి పక్కన పెట్టుకోండి. వీడియోను వేగంగా నడుపుతూ ప్రతి ఓవర్ మొదటి బంతి దగ్గర మాత్రం ఒక మార్కర్ వేయండి. చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో `L` మీటను రెండు మూడుసార్లు నొక్కితే వీడియో వేగం పెరుగుతుంది, `K` ఆపుతుంది, `J` వెనక్కి నడుపుతుంది, `M` మార్కర్ వేస్తుంది. నలభై మార్కర్లు పడ్డాక 13వ ఓవర్ నాలుగో బంతికి వికెట్ పడిందని పుస్తకంలో ఉంటే, 13వ మార్కర్ దగ్గరకు వెళ్లి నాలుగు బంతులు లెక్కపెట్టుకుంటే చాలు. వైడ్లు, నోబాల్స్ ఉన్న ఓవర్లో ఆరు కంటే ఎక్కువ బంతులు ఉంటాయి. లెక్క తప్పేది సాధారణంగా అక్కడే.

స్కోరు పుస్తకంలో కనబడని మంచి క్షణాలను ఎలా పట్టుకోవాలి?

జారిన క్యాచ్, వెంట్రుకవాసిలో తప్పిన రనౌట్, బ్యాట్ అంచును రాసుకుంటూ పోయిన బంతి: ఇవన్నీ పుస్తకంలో చుక్కగానో ఒక పరుగుగానో కనబడతాయి. వీటిని పట్టించేది శబ్దం. టైమ్‌లైన్ మీద ఆడియో గీతను పెద్దది చేసి చూస్తే అప్పీలు, అరుపు, చప్పట్లు ఉన్నచోట అది ఒక్కసారిగా లేచి ఉంటుంది. పరుగులేమీ రాని బంతి దగ్గర గీత లేచిందంటే ఏదో జరిగిందన్నమాటే, ఆగి చూడండి.

అంతకంటే నమ్మకమైన దారి మ్యాచ్ జరుగుతున్నప్పుడే ఉంది. రికార్డింగ్ మొదలుపెట్టగానే ఒక గడియారాన్ని కెమెరా ముందు రెండు సెకన్లు పట్టుకోండి. ఆ తర్వాత ఏదైనా జరిగినప్పుడు ఫోనులో సమయం, రెండు ముక్కలు రాసుకుంటే వీడియోలో ఆ చోటు వెతుక్కునే పని ఉండదు.

కెమెరా మ్యాచ్‌ను ఐదారు ఫైళ్లుగా ముక్కలు చేసింది. వాటిని ఎలా కలపాలి?

చాలా కెమెరాలు ఒక్కో ఫైలు 4 జీబీకి చేరగానే కొత్తది మొదలుపెడతాయి. మెమరీ కార్డులోని ఫైల్ పద్ధతి అంతకంటే పెద్ద ఫైలును ఒప్పుకోకపోవడం దానికి కారణం. ఒక ఓవర్ మధ్యలో, ఒక్కోసారి బంతి గాల్లో ఉండగా ఈ కోత పడుతుంది. కత్తిరింపు మొదలుపెట్టక ముందే ముక్కలను కలిపేస్తే మార్కర్లు చెదరవు. ఒకే కెమెరాతో, ఒకే సెట్టింగులతో తీసినవైతే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా కలపవచ్చు. ముందు `list.txt` అనే ఫైలులో పేర్లు వరుసగా రాయండి:

```
file 'part1.mp4'
file 'part2.mp4'
```

తర్వాత ఈ ఆదేశం ఇవ్వండి:

```
ffmpeg -f concat -safe 0 -i list.txt -c copy match.mp4
```

ఫోనుతో తీసిన వీడియోకు ఇంకో చిక్కు ఉంది. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని మారుస్తూ పోతాయి. అలాంటి ఫైలును కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో వేస్తే మొదటి ఓవర్లో సరిగ్గా కుదిరిన శబ్దం చివరి ఓవర్‌కు వచ్చేసరికి జారిపోతుంది. మొదటి ఓవర్లో ఒక బంతినీ చివరి ఓవర్లో ఒక బంతినీ చూసి బ్యాట్ శబ్దం రెండుచోట్లా ఒకేలా పడుతోందో లేదో సరిచూసుకోండి. పడకపోతే వీడియోను స్థిరమైన ఫ్రేముల వేగానికి మార్చుకున్నాకే పని మొదలుపెట్టాలి.

## ఏ క్షణాలు ఉంచాలి

ఫోర్లు, సిక్సర్లు, వికెట్లు వరుసగా పెట్టేస్తే హైలైట్స్ అయిపోయినట్టు కాదా?

లెక్క వేసి చూడండి. ఒక మ్యాచ్‌లో రెండు జట్లవీ కలిపి 16 వికెట్లు, 24 ఫోర్లు, 9 సిక్సర్లు ఉన్నాయనుకుందాం. వికెట్‌కు 15 సెకన్లు, బౌండరీకి 7 సెకన్లు ఇస్తే మొత్తం 471 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాల లోపే. పది నిమిషాల్లో అన్నీ పడతాయి. కానీ చూసేవారికి 49 ఘటనలు కనబడతాయి తప్ప మ్యాచ్ కనబడదు. ఎవరు ఎప్పుడు ముందున్నారు, ఎక్కడ చేజారింది అన్నది తెలియదు. ఆరో ఫోరు తర్వాత ఫోర్లన్నీ ఒకేలా ఉంటాయి.

ఇదే మ్యాచ్‌లో ఒక పది ఫోర్లు తీసేస్తే 70 సెకన్లు మిగులుతాయి. ముందే మిగిలి ఉన్న 129 సెకన్లతో కలిపితే మూడు నిమిషాలకు పైన మీ చేతిలో ఉన్నట్టు. బిగువు పెంచే డాట్ బంతులు, ఫీల్డింగ్ మార్పులు, బ్యాటర్ ముఖం, స్కోరు కార్డులు పట్టేది ఆ సమయంలోనే. నా మటుకు బౌండరీల్లో మూడో వంతైనా వదలని హైలైట్స్‌ను పూర్తయినట్టు లెక్కపెట్టను.

పరుగేమీ రాని బంతిని హైలైట్స్‌లో పెట్టడం ఎందుకు?

వికెట్ ఎందుకు పడిందో చాలాసార్లు ఆ బంతే చెబుతుంది కనుక. ఒక ఉదాహరణ తీసుకుందాం. లక్ష్యం 157. పదిహేను ఓవర్లకు స్కోరు 3 వికెట్లకు 121. ముప్పై బంతుల్లో 36 కావాలి, అంటే ఓవర్‌కు ఏడు చిల్లర. కుదురుకున్న బ్యాటర్ క్రీజులో ఉన్నాడు. 16వ ఓవర్ మొదటి బంతికి అవతలి బ్యాటర్ ఒక పరుగు తీసి అతనికి స్ట్రైక్ ఇచ్చాడు. రెండో బంతి నెమ్మదిగా వచ్చింది, బ్యాట్ ముందే తిరిగిపోయింది. మూడోది కూడా అలాంటిదే, ప్యాడ్‌కు తగిలి ఆగింది. నాలుగో బంతిని విసుగుతో గాల్లోకి లేపాడు, డీప్ మిడ్‌వికెట్‌లో క్యాచ్. ఓవర్ ముగిసేసరికి స్కోరు 4 వికెట్లకు 123, ఇక 24 బంతుల్లో 34 కావాలి. కావాల్సిన వేగం ఎనిమిదిన్నరకు చేరింది.

నాలుగో బంతి ఒక్కటే పెడితే 14 సెకన్లలో ‘ఒక చెత్త షాట్, ఒక తేలిక క్యాచ్’ కనబడుతుంది. రెండు, మూడు బంతులను చెరో ఐదు సెకన్లు ముందు చేర్చి, మొత్తం 24 సెకన్లు ఇస్తే ఒక బౌలర్ ఒక బ్యాటర్‌ను ఎలా పడగొట్టాడో కనబడుతుంది. అదనంగా ఖర్చయింది పది సెకన్లు.

ఇది ప్రతి వికెట్‌కూ చేయాల్సిన పని కాదు. మొదటి బంతికే బౌల్డ్ అయినవాడికి పూర్వకథ ఉండదు. కావాల్సిన పరుగుల వేగం మారిన వికెట్లు, బాగా ఆడుతున్న జంటను విడదీసిన వికెట్లు మ్యాచ్‌కు మూడో నాలుగో ఉంటాయి. వాటికి చేస్తే చాలు.

ఇన్ని ఫోర్లలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఎలా తేల్చుకోవాలి?

నేను రెండే చూస్తాను. ఆ ఫోరుతో స్కోరులో ఏదైనా మారిందా? అర్ధశతకం పూర్తయిందా, జట్టు వంద దాటిందా, వరుసగా పరుగులు రాని ఓవర్ల తర్వాత కట్టు తెగిందా? అలాంటివి షాట్ అందంగా లేకపోయినా ఉంటాయి. రెండోది, అదే బ్యాటర్ అదే షాట్‌ను ఇదివరకే చూపించామా? కవర్స్ మీదుగా కొట్టిన మూడు ఫోర్లలో కెమెరాకు బాగా చిక్కినది ఒకటి చాలు.

బ్యాట్ అంచు తగిలి స్లిప్ పక్కనుంచి పోయిన ఫోరును చాలామంది సిగ్గుపడి తీసేస్తారు. పేసర్ కొత్త బంతితో ఇబ్బంది పెడుతున్న ఓవరైతే దాన్ని ఉంచండి. పరుగులు బ్యాటర్‌కు వచ్చినా ఆ బంతి బౌలర్‌దని చూసేవారికి తెలుస్తుంది.

క్యాచ్ జారవిడిచినవాడు బాధపడతాడని ఆ క్లిప్ తీసేయాలా?

బతికిపోయిన బ్యాటర్ ఆ తర్వాత ఏం చేశాడన్నదాన్ని బట్టి ఉంటుంది. 12 దగ్గర జారిన క్యాచ్‌తో బతికినవాడు 60 కొడితే అది మ్యాచ్‌లో ముఖ్య ఘట్టం, తీసేస్తే కథే తప్పుతుంది. తర్వాతి ఓవర్లోనే అవుటైతే దాని పని లేదు. ఉంచినప్పుడు మాత్రం ఒక్కసారే, మామూలు వేగంతో చూపించండి. నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చూపించడం ఎగతాళి అవుతుంది. పిల్లల మ్యాచ్ అయితే అసలు వద్దు.

మా జట్టు కోసమే చేస్తున్నాను. అవతలివాళ్ల బాగోగులు చూపించాలా?

చూపించాలి. గెలుపు ఎంత కష్టపడితే వచ్చిందో అవతలివాళ్ల ఆట లేకుండా తెలియదు. మీ జట్టు బౌండరీ ఎంతసేపు ఉంటే వాళ్ల బౌండరీ కూడా అంతసేపే ఉండేలా చూసుకోండి. క్లిప్పుల సంఖ్యలో తేడా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. కొలతలో తేడా మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

## బంతిని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తెంచాలి

ప్రతి బంతికీ బౌలర్ పరుగు మొత్తం చూపించాలా?

వద్దు. బౌలర్ చేతి నుంచి బంతి వదిలే క్షణానికి రెండు సెకన్ల ముందు మొదలుపెట్టండి. పేసర్‌కైతే చివరి ఐదారు అడుగులు, స్పిన్నర్‌కు ఇంచుమించు మొత్తం పరుగూ అందులో వస్తుంది. అంతకంటే తక్కువైతే చూసేవారి కన్ను కుదురుకోకముందే బంతి వెళ్లిపోతుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి పట్టేది అర సెకను పైచిలుకు మాత్రమే. ఎవరు బౌలర్, ఎవరు బ్యాటర్ అని గుర్తుపట్టడానికి ఆ ముందరి రెండు సెకన్లే ఆధారం.

మొత్తం పరుగు చూపించాల్సిన బంతులు కొన్ని ఉంటాయి: మ్యాచ్ మొదటి బంతి, హ్యాట్రిక్ బంతి, గెలుపోటములు తేల్చే చివరి బంతులు. మిగతాచోట్ల పొదుపు పాటిస్తేనే వీటికి బరువు వస్తుంది.

క్లిప్‌ను ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. ఏది చూసి తెంచాలి?

ఫలితం తేలిన క్షణాన్ని చూసి. ఆ క్షణం ఒక్కోదానికి ఒక్కోచోట ఉంటుంది. ఫోరైతే బంతి తాడును తాకాక ఒక సెకను. సిక్సరైతే బంతి పడిన చోటు కనబడగానే చాలు, అంపైర్ చేతులెత్తేదాకా ఆగక్కర్లేదు. బౌల్డ్ అయితే వికెట్లు ఎగిరాక బౌలర్ సంబరం మూడు సెకన్లు, బ్యాటర్ వెనుదిరిగేదాకా.

ఎల్బీడబ్ల్యూ దారి వేరు. అక్కడ ఫలితం అంపైర్ వేలిలో ఉంది. బంతి ప్యాడ్‌కు తగలడం, అప్పీలు, అంపైర్ ఆలోచన, వేలు లేవడం: ఈ నాలుగూ కోత లేకుండా ఒకే ముక్కగా ఉండాలి. అంపైర్ కదలకుండా నిలబడిన ఆ రెండు మూడు సెకన్లు ఖాళీగా ఉన్నాయని కత్తిరించేవారు చాలామంది. ఎల్బీలో ఉన్న ఉత్కంఠంతా ఆ ఖాళీలోనే ఉంది. రనౌట్‌కూ ఇదే పద్ధతి, బెయిల్స్ పడ్డాక కూడా అంపైర్ వైపు చూసేదాకా ఉంచండి.

వికెట్ పడబోతోందని ముందే తెలిసిపోతోందని చూసినవాళ్లు అంటున్నారు. ఏం తప్పు జరుగుతోంది?

కత్తిరింపులోని అలవాటు మీ గుట్టు బయటపెడుతోంది. ఫోర్లను బంతి వదిలే క్షణం నుంచి, వికెట్లను బౌలర్ పరుగు నుంచి మొదలుపెట్టారనుకోండి. మూడో వికెట్‌కల్లా చూసేవారు కనిపెట్టేస్తారు: పరుగు కనబడిందంటే వికెట్టే. అలాగే వికెట్‌కు ముందు మాత్రమే బ్యాటర్‌ను దగ్గరగా చూపించినా, సంగీతం తగ్గించినా ఇదే జరుగుతుంది.

మందు తేలికే. ఫలితం ఏదైనా ఆరంభం మాత్రం ఒకే కొలతలో ఉంచండి. ఫోర్లకూ డాట్ బంతులకూ వికెట్లకూ అవే రెండు సెకన్లు. అప్పుడప్పుడు బ్యాటర్‌ను దగ్గరగా చూపించి, వెంటనే మామూలు ఒక పరుగు తీసిన బంతి పెట్టండి. డాట్ బంతులు కలిసి ఉన్న హైలైట్స్‌లో ఈ ఇబ్బంది సగం దానంతటదే పోతుంది, ఏ బంతికి ఏమవుతుందో ఊహించలేరు కాబట్టి.

ఒక ఓవర్ బౌలర్ వెనుక నుంచి, తర్వాతి ఓవర్ కీపర్ వెనుక నుంచి కనబడుతోంది. కట్ చేస్తే కళ్లు తిరిగినట్టుంది. ఏం చేయాలి?

ఓవర్ ఓవర్‌కూ బౌలింగ్ వైపు మారుతుంది, కెమెరా మాత్రం కదలదు. టీవీ ప్రసారాల్లో రెండు వైపులా కెమెరాలు ఉండి ఎప్పుడూ బౌలర్ వెనుక నుంచే చూపిస్తారు. ఒకే కెమెరా ఉన్నవారికి ఆ వీలు లేదు. బౌలర్ వెనుక నుంచి చూసినప్పుడు కుడిచేతి వాటం బ్యాటర్ ఆఫ్‌సైడ్ తెరకు ఎడమవైపు ఉంటుంది, కీపర్ వెనుక నుంచి చూస్తే కుడివైపుకు వస్తుంది. రెండు కవర్ డ్రైవ్‌లు పక్కపక్కన పెడితే ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ పోతాయి.

వాటి మధ్య రెండు సెకన్ల విరామం ఇస్తే సర్దుకుంటుంది. ఫీల్డర్లు వైపు మారడం, బ్యాటర్లు గ్లవ్స్ తాకించుకోవడం, లేదా స్కోరు కార్డు. వీలైతే ఒకే వైపు ఓవర్లలోని బంతులు రెండు మూడు వరుసగా వచ్చేలా ఎంచుకోండి. బొమ్మను అద్దంలోలా తిప్పేసి సరిచేద్దామని మాత్రం అనుకోవద్దు. చొక్కా మీద అంకెలు తిరగబడతాయి, కుడిచేతివాడు ఎడమచేతివాడవుతాడు.

ఒక్క కెమెరాయే ఉంటే రీప్లే పెట్టడంలో అర్థముందా?

మొదటిసారి కనబడనిది రెండోసారి కనబడితేనే ఉంది. 4కే వీడియోను 1080 టైమ్‌లైన్‌లో వాడుతుంటే బొమ్మను రెట్టింపు పెద్దది చేసినా నాణ్యత పోదు. మొదటిసారి మైదానం మొత్తం, రీప్లేలో ఫీల్డర్ ఒక్కడే. ఇది నిజంగా కొత్త విషయం చూపిస్తుంది. అదే ఫ్రేమును ఊరికే నెమ్మదిగా చూపిస్తే సమయం వృథా.

నెమ్మదించడానికి హద్దుంది. సెకనుకు 50 ఫ్రేములతో తీసిన వీడియో 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద సగం వేగంలో నునుపుగా నడుస్తుంది. 25తోనే తీసినదాన్ని సగానికి తగ్గిస్తే ప్రతి ఫ్రేమూ రెండుసార్లు వచ్చి బంతి గెంతుతూ పోతుంది. అలాంటప్పుడు మామూలు వేగంలోనే పెద్దది చేసి చూపించడం మేలు.

రీప్లే ముందూ వెనుకా ఒక చిన్న గుర్తు తెరమీదుగా దాటించండి. అది లేకపోతే మరో వికెట్ పడిందనుకుంటారు.

## క్రమం, వేగం

బాగున్న సిక్సర్లను ముందుకు తెచ్చి మొదలుపెట్టవచ్చా?

మొదటి ఐదారు సెకన్లలో ఒకటి రెండు చూపులు పెట్టవచ్చు, ఫలితం బయటపడనంత వరకు. ఆ తర్వాత జరిగిన క్రమం తప్పకూడదు. స్కోరు పెరుగుతూ పోవడమే హైలైట్స్‌కు వెన్నెముక, 84 తర్వాత 61 కనబడితే చూసేవారు పట్టు వదిలేస్తారు. సిక్సర్లన్నీ ఒకచోట, వికెట్లన్నీ ఒకచోట కావాలంటే దాన్ని వేరే వీడియోగా చేయండి.

మొదటి ఇన్నింగ్స్‌కూ రెండో ఇన్నింగ్స్‌కూ సమానంగా సమయం ఇవ్వాలా?

దగ్గరి పోటీ అయితే ఇవ్వకండి. పది నిమిషాల్లో మొదటి ఇన్నింగ్స్‌కు నాలుగు, ఛేదనకు ఆరు సరిపోతాయి. మొదటి ఇన్నింగ్స్‌లో చూసేవారికి తెలియాల్సింది ఆ స్కోరు ఎలా వచ్చిందన్నది. ఏడు నుంచి పదిహేను ఓవర్ల మధ్య ఒకటి రెండు వికెట్లు, రెండు మంచి షాట్లు, ఒక స్కోరు కార్డు చాలు. ఛేదనలో ప్రతి పరుగూ లక్ష్యానికి దూరాన్ని మారుస్తుంది కాబట్టి అదే రకం బంతికి విలువ పెరుగుతుంది. చివరి నాలుగు ఓవర్లకే రెండు నిమిషాలు పోయినా ఫరవాలేదు.

మ్యాచ్ ఏకపక్షమైతే తలకిందులుగా ఆలోచించండి. 157 ఛేదించే జట్టు ఏడు ఓవర్లకే ఆరు వికెట్లు పోగొట్టుకుంటే ఆ ఏడు ఓవర్లే మ్యాచ్. మిగిలినదాన్ని అర నిమిషంలో ముగించి, వీడియోను ఆరు నిమిషాలకే ఆపేయండి. లేని ఉత్కంఠను సాగదీసి తెప్పించలేరు.

చివరి ఓవర్ ఉత్కంఠగా సాగింది. ఆరు బంతులూ పెట్టాలా? ఎలా కూర్చాలి?

ఆరూ పెట్టండి, కానీ ఆరింటికీ ఒకే కొలత వద్దు. ఉదాహరణకు లక్ష్యం 157, చివరి ఓవర్ ముందు 7 వికెట్లకు 144, ఆరు బంతుల్లో 13 కావాలి. మొదటి బంతికి ఒక పరుగు: ఆరు సెకన్లు. రెండో బంతికి ఫోరు: ఎనిమిది సెకన్లు. ఇప్పుడు నాలుగు బంతుల్లో 8, బ్యాటింగ్ జట్టు గెలుస్తుందనిపించే చోటు ఇది. ఇక్కడ వెంటనే మూడో బంతికి వెళ్లకండి. కెప్టెన్ లాంగాన్‌ను తాడు దగ్గరకు పంపడం ఐదు సెకన్లు చూపించండి. మూడో బంతి సరిగ్గా అతని చేతిలోనే పడింది. బంతి గాల్లోకి లేచినప్పటి నుంచి ఫీల్డర్ పట్టుకుని తాడును తొక్కకుండా నిలదొక్కుకునే దాకా 16 సెకన్లు, కోత లేకుండా. కొత్త బ్యాటర్ నడిచి వచ్చే వ్యవధిలో ఎనిమిది సెకన్ల రీప్లే.

నాలుగో బంతి డాట్: ఆరు సెకన్లు, ఆపైన బ్యాటర్ తల వంచుకోవడం రెండు సెకన్లు. రెండు బంతుల్లో 8. ఐదో బంతికి బౌల్డ్: 12 సెకన్లు. మ్యాచ్ ఇక్కడ తేలిపోయింది, మిగిలిన ఒక్క బంతికి 8 పరుగులు రావాలంటే వైడో నోబాలో పడాలి. అందుకే ఆరో బంతికి బౌలర్ పరుగు కూడా అక్కర్లేదు. బంతి, దాన్ని ఆనుకుని కరచాలనాలు, తుది స్కోరు: 20 సెకన్లు. మొత్తం 83 సెకన్లు. లాంగాన్‌ను వెనక్కి పంపిన ఐదు సెకన్లు తీసేసి చూడండి, క్యాచ్ అదృష్టంలా కనబడుతుంది. ఉంచితే పన్నాగంలా కనబడుతుంది.

ఇదే పద్ధతి ఫుట్‌బాల్‌కు పనికొస్తుందా?

కొంతవరకే. క్రికెట్‌లో ప్రతి బంతికీ సహజంగా ఆరంభం, అంతం ఉన్నాయి. ఫుట్‌బాల్‌లో ఆట ఆగకుండా పారుతుంది, ఆరంభాన్ని మీరే వెతకాలి. గోల్ పడిన చోటు నుంచి వెనక్కి నడిపి, ఆ జట్టుకు బంతి ఎక్కడ దక్కిందో చూడండి. ఎదురుదాడి అయితే అది పది పన్నెండు సెకన్ల వెనుక ఉంటుంది, అక్కడే మొదలుపెట్టండి. నిమిషం పాటు పాస్‌లు ఇచ్చుకున్నాక పడిన గోల్ అయితే రక్షణను చీల్చిన పాస్‌కు రెండు పాస్‌ల ముందు మొదలుపెడితే చాలు. కార్నర్, ఫ్రీకిక్‌లకు తన్నేవాడు పరుగు అందుకునే చోటు.

గోల్స్ రెండో మూడో ఉంటాయి కాబట్టి తప్పిన అవకాశాలకు ఇక్కడ ఎక్కువ చోటు దక్కుతుంది. గోల్‌కీపర్ ఆపినవి, స్తంభానికి తగిలినవి అన్నీ దాదాపు ఉంటాయి. విరామం తర్వాత జట్లు వైపులు మారతాయి కనుక రెండో అర్ధభాగం మొదలైందని తెరమీద రాసి చెప్పాలి, లేకపోతే ఎవరు ఎటు దాడి చేస్తున్నారో తికమక అవుతుంది. కెమెరాలు రెండు ఉంటే మైదానానికి ఒకే పక్కన పెట్టండి. ఎదురెదురు పక్కల నుంచి తీసినవి కలిపితే ఒకే దాడి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోతుంది.

## శబ్దం, స్కోరు

బ్యాట్ బంతిని తాకాక కాసేపటికి శబ్దం వస్తోంది. ఫైలు పాడైందా?

ఫైలు బాగానే ఉంది. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. కెమెరా బౌండరీ బయట ఉండి బ్యాటర్‌కు 85 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం పావు సెకను ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది ఆరు ఫ్రేములు. ఆడియోను ఆరు ఫ్రేములు ముందే వినబడేలా జరపండి, షాట్‌కు ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. బ్యాటర్ కెమెరాకు దగ్గరి వైపున ఉన్న ఓవర్లలో దూరం ఇరవై మీటర్లు తగ్గుతుంది కాబట్టి ఐదు ఫ్రేములు చాలు.

ప్రతి కట్ దగ్గరా గాలి శబ్దం, జనం మాటలు తటాలున మారుతున్నాయి. ఎలా సరిచేయాలి?

వీడియోలో ఎవరూ గట్టిగా మాట్లాడని, మైదానపు సాధారణ సందడి మాత్రమే ఉన్న ఒక నిమిషం వెతికి, దాన్ని కింది ఆడియో వరుసలో తక్కువ స్థాయిలో మొదటి నుంచి చివరిదాకా పరచండి. దాని మీద ఒక్కో క్లిప్ శబ్దాన్ని ఐదారు ఫ్రేముల్లో పెంచి, చివర అలాగే తగ్గించండి. కోతలు వినబడవు. సంగీతం పెట్టేవారు బ్యాట్ శబ్దం, అప్పీలు వినబడేచోట దాన్ని తగ్గించాలి. సంగీతం మొత్తం శబ్దాన్ని మింగేస్తే బొమ్మలు తేలిపోతాయి.

తెరమీద స్కోరు ఎప్పుడు మార్చాలి?

ఫలితం తేలాకే. క్లిప్ మొదలయ్యేటప్పుడు ఆ బంతికి ముందున్న స్కోరు ఉండాలి. ఒక్కో క్లిప్‌కు ఒక్కో స్కోరు బొమ్మ అతికించేవారు పొరపాటున బంతి తర్వాతి స్కోరును మొదటి నుంచే పెట్టేస్తారు. నాలుగో వికెట్ పడకముందే మూలన ‘4 వికెట్లకు 123’ అని కనబడుతుంది. కాబట్టి ప్రతి క్లిప్‌లోనూ రెండు స్కోర్లు ఉండాలి, మార్పు బంతి తాడు దాటాకో వికెట్ పడ్డాకో జరగాలి. ఛేదనలో స్కోరు కంటే ‘24 బంతుల్లో 34’ అన్న వరుస ఎక్కువ పనిచేస్తుంది, చూసేవారు లెక్క వేసుకోనక్కర్లేదు.

## బయటకు పంపే ముందు

ఫోనులో చూసేందుకు నిలువు వీడియో కూడా చేయవచ్చా?

పిచ్‌కు తిన్నగా తీసిన క్రికెట్‌కు నిలువు చట్రం బాగా నప్పుతుంది. బౌలర్, పిచ్, బ్యాటర్, కీపర్ అందరూ ఒకే నిలువు గీతలో ఉంటారు. బంతి పక్కకు పోయినప్పుడే ఇబ్బంది, అప్పుడు చట్రాన్ని బంతితోపాటు జరపాలి. పక్కనుంచి తీసిన ఫుట్‌బాల్‌లో ఆట అంతా అడ్డంగా సాగుతుంది. అక్కడ గోల్ ముందు క్షణాలు తప్ప మిగతావి నిలువుగా కుదరవు.

అంతా అయ్యాక సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మ్యాచ్ చూడని ఒకరికి చూపించి, రెండో ఇన్నింగ్స్ మధ్యలో ఆపి, ఎవరు గెలిచేలా ఉన్నారని అడగండి. స్కోరు చూసి తడుముకోకుండా చెప్పగలిగితే క్రమం కుదిరినట్టే. ‘ఇప్పుడు బ్యాటింగ్ ఎవరు?’ అని ఎదురు ప్రశ్న వేస్తే ఇన్నింగ్స్ మారిన చోట కార్డు సరిపోలేదని అర్థం. చూస్తున్నప్పుడు వారు ఫోనువైపు తల తిప్పిన సమయాలు కూడా రాసుకోండి. సాధారణంగా అక్కడ వరుసగా మూడు నాలుగు బౌండరీలు ఉంటాయి, వాటిలో ఒకటి తీసేయండి.